పండక్కి ఏ భాషలో పిలుద్దాం?

*తెలుగా, ఇంగ్లిషా, రెండూ కలిపా? నగర యువత కోసం దసరా ప్రకటన రాసేవాళ్ల ముందున్న చిక్కు*

వినాయక చవితి పందిళ్లు లేచే వేళకే హైదరాబాద్‌లో బట్టల షాపుల వాళ్లు, వాళ్ల ప్రకటనలు చేసే ఏజెన్సీలు దసరా పనిలో మునిగిపోతారు. రంగులు, మోడళ్లు, డిస్కౌంటు శాతం త్వరగానే తేలిపోతాయి. తేలనిదల్లా ఆ ఒక్క లైను. ఏ భాషలో ఉండాలి అన్న దగ్గర గది రెండుగా చీలుతుంది. యజమాని తెలుగంటాడు, ఆయన కొడుకు ఇంగ్లిషంటాడు. మధ్యలో ఉన్న ఏజెన్సీ కుర్రాడు ‘రెండూ కలుపుదాం సార్’ అంటాడు. ఎవరికీ కోపం రాని జవాబు కాబట్టి చాలాసార్లు అదే ఖాయమవుతుంది. కానీ కలపడం ఎలా అన్నది మాత్రం ఎవరూ అడగరు.

ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. అమీర్‌పేటలో ఒకటి, కూకట్‌పల్లిలో ఒకటి షాపులున్న రెడీమేడ్ బట్టల వ్యాపారం. కొనేవాళ్లలో ఎక్కువమంది ఇరవై నుంచి ఇరవై ఎనిమిదేళ్ల లోపు వాళ్లు: కోచింగుల కోసం వచ్చినవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. దసరాకి కుర్తాల మీద నలభై శాతం తగ్గింపు. బల్ల మీద మూడు కాగితాలు ఉన్నాయి. మొదటిది పూర్తి ఇంగ్లిషు: ‘సెలబ్రేట్ దసరా ఇన్ స్టైల్’. రెండోది నిండు తెలుగు: ‘విజయదశమి పర్వదినాన వస్త్రప్రియులకు శుభవార్త’. మూడోది కలగలుపు: ‘మీ ఫెస్టివ్ లుక్‌ని అప్‌గ్రేడ్ చేసుకోండి’.

నా లెక్కలో మూడూ ఓడిపోయేవే. మొదటిది బెంగళూరులోనైనా భోపాల్‌లోనైనా ఒకేలా అతుక్కుంటుంది. రెండోది పాతికేళ్ల వాళ్లెవరూ నోటితో అనరు. మూడోది చూడ్డానికి తెలుగు, లోపల వాక్యం మాత్రం ఇంగ్లిషుది.

చెవికి తెలుగు, కంటికి ఇంగ్లిషు

ఈ వయసువాళ్లకి తెలుగు రాదని ఒక వర్గం, వస్తుంది కానీ సిగ్గుపడతారని ఇంకో వర్గం వాదిస్తుంటాయి. రెండూ సగం సగమే. నగరంలో పెరిగినవాళ్లకి బాగా వచ్చేది విని అర్థం చేసుకునే తెలుగు. సినిమా, ఇల్లు, హాస్టల్ గది, రీల్స్ అన్నీ అందులోనే. తగ్గింది చదివే తెలుగు. ఇంగ్లిషు మీడియంలో పదో తరగతి దాకా తెలుగు ఒక సబ్జెక్టు. ఇంటర్‌లోకి వచ్చేసరికి మార్కుల కోసం సంస్కృతం తీసుకోవడం మన దగ్గర మామూలే. అక్కడితో తెలుగు పేజీ చదవాల్సిన అవసరం తీరిపోతుంది. సెంట్రల్ సిలబస్ పిల్లల్లో కొందరికి ఆ పదో తరగతి దాకా కూడా లేదు. తెలంగాణలో అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేసిన చట్టం 2018లో వచ్చింది. ఇవాళ జేబులో డబ్బుతో షాపుకొచ్చేవాళ్లలో చాలామంది అంతకుముందే బడి దాటేశారు.

అంటే వీళ్లు తెలుగు అక్షరాల్ని గుర్తుపడతారు, నాలుగైదు పదాలు చకచకా చదువుతారు. మూడు లైన్ల పేరా కనిపిస్తే మాత్రం వేలు పైకి జరుపుతుంది. స్నేహితులకి రాసేటప్పుడు తెలుగు మాటల్నే ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. కాబట్టి భాష ఒక ప్రశ్న, లిపి ఇంకో ప్రశ్న. ‘తెలుగా, ఇంగ్లిషా’ అని అడిగినప్పుడు ఈ రెండూ ఒకే ప్రశ్నగా కలిసిపోతాయి. గదిలో గొడవ తెగకపోవడానికి సగం కారణం అదే.

ఇలాంటి మీటింగుల్లో తరచు తెర మీదకొచ్చే అంకె ఒకటుంది. 2017లో గూగుల్, కేపీఎంజీ కలిసి ఇచ్చిన నివేదికలోది: భారతీయ భాషల్లో ఇంటర్నెట్ వాడేవాళ్లలో 88 శాతం మంది, ఇంగ్లిషు ప్రకటన కంటే తమ భాష ప్రకటనకే స్పందించే అవకాశం ఎక్కువని. అంకెతో పేచీ లేదు. కానీ అది భారతీయ భాషల్లో నెట్ వాడేవాళ్ల గురించి చెప్పిన మాట. మన కూకట్‌పల్లి షాపుకొచ్చే అమ్మాయి ఫోను ఇంగ్లిషులో ఉంటుంది, యాప్‌లు ఇంగ్లిషులో ఉంటాయి. ఆ 88 శాతాన్ని తెచ్చి ఆమెకి అంటగడితే లెక్క తప్పుతుంది.

వాక్యం ఎవరిది?

కలిపి మాట్లాడే భాషకి వ్యాకరణం ఉండదనుకుంటాం. ఉంటుంది. భాషావేత్త కారల్ మయర్స్-స్కాటన్ 1993లో దీనికో వివరణ ఇచ్చింది. రెండు భాషలు కలిసినప్పుడు ఒకటి చట్రంగా నిలుస్తుంది, రెండోది ఆ చట్రంలో మాటలు సర్దుతుంది. మన రోజువారీ మాటల్లో చట్రం తెలుగే. ‘ఆఫీసుకి లేటయింది’, ‘సైజు మార్చి ఇస్తారా’, ‘ఆర్డర్ పెట్టేశా’ వీటిలో నామవాచకాలు బయటివి. విభక్తి, క్రియ, మాటల వరస మాత్రం మనవి.

ప్రకటనల కలగలుపు ఎక్కువగా దీనికి తలకిందులుగా ఉంటుంది. ఇంగ్లిషులో ఆలోచించి, పైన రెండు తెలుగు మాటలు చల్లుతారు. ‘మీ ఫెస్టివ్ లుక్‌ని అప్‌గ్రేడ్ చేసుకోండి’ అన్నదాంట్లో ‘మీ’, ‘ని’, ‘చేసుకోండి’ తీసేస్తే ఇంగ్లిషు లైను చెక్కుచెదరకుండా బయటపడుతుంది. దాన్ని పట్టుకునే పరీక్ష తేలికే. ఆ లైనుని గట్టిగా చదివి, పక్కనున్న స్నేహితురాలితో ఎవరైనా ఈ మాట అంటారా అని చూడాలి. ‘పద, లుక్ అప్‌గ్రేడ్ చేసుకుందాం’ అని ఎవరూ అనరు. ‘బట్టలు తీసుకోవాలి, వస్తావా’ అంటారు.

మరి ఏ మాటని తెలుగులో ఉంచాలి, ఏది ఇంగ్లిషులో వదిలేయాలి? 2009లో పుంటోని, డి లాంగె, వాన్ ఓసెలార్ అనే ముగ్గురు పరిశోధకులు యూరప్‌లో రెండు భాషలొచ్చినవాళ్ల మీద చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. మాతృభాషలో ఉన్న ప్రకటన మనసుకి ఎక్కువ తగులుతుందని వాళ్లు చూపించారు. కారణంగా చెప్పింది ఇంకా ఆసక్తికరం. ఒక మాటని మనం ఏ భాషలో వింటూ ఏ అనుభవాలు పోగుచేసుకున్నామో, ఆ అనుభవాలే మాటతో పాటు కదులుతాయట. దీన్ని మన బల్ల మీదకి తెస్తే: పండగ, ఊరు, అమ్మమ్మ, జమ్మి, పిండివంటలు తెలుగులో బతికినవి. ఆఫర్, సైజు, ట్రయల్ రూమ్, ఎక్స్‌చేంజ్, ఈఎంఐ ఇంగ్లిషులోనే పరిచయమైనవి. ‘ట్రయల్ రూమ్’కి తెలుగు మాట పుట్టించి గోడకి అతికిస్తే అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ‘ఫ్యామిలీ రీయూనియన్’ అని రాస్తే ఊళ్లో ఎదురుచూసే ఇల్లు ఎవరికీ గుర్తురాదు.

ఇదంతా దృష్టిలో పెట్టుకుంటే దసరా లైను ఎక్కడి నుంచి పుట్టాలో తెలుస్తుంది. హాస్టల్లో ఉండేవాళ్లకి దసరా అంటే ముందు సెలవులు, తర్వాత బస్సు టికెట్టు. జేబీఎస్‌లో, ఎంజీబీఎస్‌లో రద్దీ మొదలవకముందే కొనడం అయిపోవాలి. ‘బస్సెక్కేలోపు షాపింగ్ అయిపోవాలె!’ ఇందులో బస్సు, షాపింగ్ రెండూ ఇంగ్లిషు నుంచి వచ్చినవే. అయినా దీన్ని ఎవరూ కలగలుపు అనరు. ఇంగ్లిషులోకి దించితే సగం ప్రాణం పోతుంది. అది మంచి గుర్తే.

‘అయిపోవాలె’నా, ‘అయిపోవాలి’నా? ఇది చిన్న ప్రశ్న కాదు. తెలంగాణ మాటని సినిమా చాలాకాలం హాస్యగాడికో రౌడీకో ఇచ్చింది. ‘ఫిదా’ (2017) నాయికతో, తర్వాత ‘బలగం’ (2023)తో ఆ మర్యాద మారింది. బతుకమ్మ, దసరా తెలంగాణ ఇంటి పండగలు కాబట్టి ‘అయిపోవాలె’ అనడం సహజమే. అయితే ఒక్క ‘లె’ పెట్టి మిగతా వాక్యమంతా పాఠ్యపుస్తకంలా ఉంటే వేషం కట్టినట్టుంటుంది. రాసేవాళ్ల ఇంట్లో ఆ మాట లేకపోతే, ఉన్నవాళ్ల చేత రాయించుకోవడం మేలు. అదే షాపు సంక్రాంతికి ప్రకటన ఇస్తే కథ వేరు. కూకట్‌పల్లి నుంచి గోదావరి, కృష్ణా జిల్లాల వైపు వెళ్లేవాళ్లకి ఆ యాస వాడాల్సిన పని లేదు.

పరాయివాడిని పట్టిచ్చే అక్షరాలు

ఇన్‌స్టాగ్రామ్‌లో అదే లైనుని ఇంగ్లిషు అక్షరాల్లో రాయొచ్చు. చదివేవాళ్లకి అది అలవాటైన రూపమే. కానీ అక్కడ స్పెల్లింగే ఊరు చెబుతుంది. మనం ‘త’కి th, ‘ట’కి t వాడతాం. బతుకమ్మని Bathukamma అంటాం. ముంబై నుంచి Batukamma అని వస్తే మనవాళ్ల కళ్లు దాన్ని ‘బటుకమ్మ’ అని చదువుతాయి. Dasara బదులు Dussehra కనిపిస్తే, ఈ పోస్టర్ ఉత్తరాది కోసం చేసి మనకి పంపారని ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. దీపావళికి ‘దివాళీ సేల్’ అని తెలుగు లిపిలో వేసేవాళ్లకి ఒక్క మాట: అచ్చులో కొస అక్షరం కొంచెం జారినా మన పెద్దవాళ్లు అందులో ‘దివాలా’ చదువుకుంటారు.

అక్షరాలు సరిగ్గా ఉన్నా తిథి తప్పొచ్చు. బతుకమ్మ మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. రోజుకో పేరు, రోజుకో నైవేద్యం. రోజుకో రీల్ వేద్దామని ఏ ఏజెన్సీకైనా తడుతుంది. మంచి ఆలోచనే. కానీ ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మని పేర్చరు. ఆరో రోజున కూడా కొత్త కుర్తాలతో పూల చుట్టూ ఆడుతున్న వీడియో పెట్టారంటే, భాష ఎంత అచ్చ తెలుగైనా, పండగ తెలియనివాళ్లు తీశారని బయటపడుతుంది. ఆ రోజుకి అలక మీదే ఒక సరదా రీల్ తీయొచ్చు. తెలిసినవాళ్లకి అంతకంటే మంచి అవకాశం దొరకదు.

తెలుగు లిపిలో హోర్డింగ్ వేసేటప్పుడు ఇంకో రకం తప్పు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల కోసం ఉండే సెట్టింగు వేయకపోతే ఒత్తులు విడిపోయి పొల్లుగా నిలబడతాయి. ‘కొత్త’ కాస్తా ‘కొత్‌త’ అవుతుంది. తెలుగు చదవని డిజైనర్‌కి అందులో తప్పేమీ కనిపించదు. అచ్చుకి వెళ్లేముందు ఒత్తున్న ప్రతి మాటనీ తెలుగు వచ్చినవాళ్లు ఒకసారి చూస్తే సరిపోతుంది. ఇంగ్లిషుకి సరిపోయిన లైన్ల మధ్య ఖాళీ తెలుగుకి చాలదు. పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి లైన్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ఫాంటు దొరకదన్న సాకు ఇప్పుడు లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, ఎన్టీఆర్, మల్లన్న లాంటివి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఎస్సెమ్మెస్ లెక్క

పాత కస్టమర్ల నంబర్లు షాపు దగ్గర ఉంటాయి. వాళ్లకి పంపే ఎస్సెమ్మెస్‌లో లిపికి ధర ఉంది. మామూలు ఇంగ్లిషు అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో 70 మాత్రమే. అంతకు మించితే ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకి 67. పైగా ఇక్కడ అక్షరమంటే మన బళ్లో నేర్పిన అక్షరం కాదు. హల్లు, గుణింతం గుర్తు, పొల్లు వేటికవే లెక్క. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, ఫోనుకి ఆరు.

మన ప్రకటననే తూచి చూద్దాం:

```
Bus ekke lopu shopping ayipovale! Dasara ki anni kurtas paina 40% off. Code JAMMI40. Ameerpet, Kukatpally.
```

ఇది 106 అక్షరాలు. ఒక్క ఎస్సెమ్మెస్. ఇదే తెలుగు లిపిలో:

```
బస్సెక్కేలోపు షాపింగ్ అయిపోవాలె! దసరాకి అన్ని కుర్తాలపై 40% తగ్గింపు. కోడ్ JAMMI40. అమీర్‌పేట, కూకట్‌పల్లి.
```

ఇది 107. ఊళ్ల పేర్లలో పొల్లు నిలబెట్టడానికి వేసిన, కంటికి కనిపించని రెండు గుర్తులు కూడా అందులో ఉన్నాయి. నిడివి దాదాపు ఒకటే, కానీ 70 దాటింది కాబట్టి రెండు ఎస్సెమ్మెస్‌ల బిల్లు. ఇరవై వేల మందికి పంపితే ఇరవై వేలకి బదులు నలభై వేలు. ఒక్కోటి 20 పైసలనుకుంటే నాలుగు వేల రూపాయలు ఎనిమిది వేలవుతాయి. ఒక్క హోర్డింగ్ అద్దెతో పోలిస్తే ఇది చిల్లరే. ఈ కారణం చూపించి తెలుగు వద్దనడం నాకు సబబుగా తోచదు. ఇంగ్లిషు వాళ్లకీ ఇందులో ఒక గుంట ఉంది. ఇంగ్లిషు మెసేజీలో ఒక్క ₹ గుర్తు పెట్టినా మొత్తం మెసేజీ 70 లెక్కలోకి పడిపోతుంది. Rs. అని రాసుకుంటే ఆ బాధ లేదు.

డబ్బు కంటే జాగ్రత్త కావాల్సింది తేదీలతో. వ్యాపార ఎస్సెమ్మెస్‌ల పాఠాన్ని ముందే టెలికాం ఆపరేటర్ల డీఎల్‌టీ వేదికలో నమోదు చేయాలి. నమోదైన పాఠానికీ పంపేదానికీ పొంతన లేకపోతే మధ్యలోనే ఆగిపోతుంది. చివరి రోజు మనసు మారి ఇంగ్లిషుని తెలుగు చేద్దామంటే మళ్లీ నమోదు చేయాల్సిందే. కాబట్టి రెండు రూపాలూ మొదటే నమోదు చేసి పెట్టుకోవడం తెలివైన పని.

చిన్న అక్షరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పైన తెలుగులో ‘40% తగ్గింపు’ అని అరిచి, కింద ఇంగ్లిషులో ‘షరతులు వర్తిస్తాయి’ అని గొణగడం మన వీధుల్లో రోజూ చూస్తాం. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో దావా ఏ భాషలో ఉంటే దాని మీది వివరణ కూడా అదే భాషలో ఉండాలి. తగ్గింపు కొన్ని కుర్తాలకే అయితే ఆ మాట తెలుగులోనే రాయాలి. ప్రధాన లైను భాష తేల్చుకున్నప్పుడే ఇదీ తేలిపోయిందని గుర్తుంచుకోవాలి.

ఎవరు గెలిచారో తేల్చేదెలా

యజమానికీ కొడుక్కీ మధ్య తీర్పు చెప్పాల్సింది కొనేవాళ్లు. ఒకే ఫొటో, ఒకే తగ్గింపు, ఒకే రోజులు, ఒకే ఖర్చుతో రెండు ప్రకటనలు పెట్టాలి. ఒకటి ఇంగ్లిషు, ఒకటి మన తెలుగు చట్రం లైను. ఒక్కోదానికి వేరే కూపన్ కోడ్ ఇచ్చి, షాపులో ఏది ఎక్కువ చెల్లిందో చూడాలి. క్లిక్కుల్ని నమ్మకూడదు. వింతగా కనిపించినదాని మీద జనం ఊరికే నొక్కుతారు.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. తెలుగు ప్రకటన కాబట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో చూసేవాళ్ల భాష దగ్గర ‘తెలుగు’ ఎంచుతారు. మన కుర్రాళ్ల ఫోన్లు ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి ఆ ప్రకటన వాళ్లకి చేరదు. ఫోనుని తెలుగులో పెట్టుకున్న వేరే జనానికి చేరుతుంది. ఆఖర్న తెలుగు ఓడిపోయిందని నివేదిక వస్తుంది. నిజానికి రెండు భాషలకి కాదు, రెండు గుంపులకి పోటీ పెట్టినట్టయింది. రెండు ప్రకటనలకీ ఆ గడి ఖాళీగా వదిలేసి, ఊరు, వయసు మాత్రం ఒకేలా పెట్టాలి. ఫలితం వచ్చాక చూసినవాళ్ల వయసుల పట్టిక తీసి పక్కపక్కన పెట్టుకుంటే పొరపాటు జరిగిందో లేదో తెలిసిపోతుంది.

అంకెల్ని చూసి తొందరపడటం ఇంకో గొయ్యి. చెరో అయిదు వేల మందికి చూపించారనుకుందాం. ఇంగ్లిషు కోడ్ 60 సార్లు, తెలుగు కోడ్ 75 సార్లు చెల్లింది. తెలుగు గెలిచిందని పండగ చేసుకోవచ్చా? రెండూ కలిపితే 135. దాని వర్గమూలం పదకొండున్నర దాటుతుంది, దానికి రెట్టింపు సుమారు 23. చెరో సమానమైన గుంపుకి చూపించినప్పుడు, తేడా ఈ రెట్టింపు కంటే తక్కువైతే అది కాకతాళీయం కావచ్చు. ఇక్కడ తేడా 15 మాత్రమే. ఇంకా ఎక్కువమందికి చూపించాలి, లేదా ఈ తేడా మీద పందెం కాయకూడదు.

పరీక్ష ఎప్పుడు పెట్టాలన్నది పంచాంగం చూస్తే తేలుతుంది. బతుకమ్మ మొదలయ్యే ముందు పక్షం రోజులు పితృపక్షం. ఆ రోజుల్లో కొత్త బట్టలు కొనడానికి చాలా ఇళ్లలో ఇష్టపడరు. అప్పుడు పరీక్ష పెడితే రెండు ప్రకటనలూ పడకేస్తాయి, ఏ తేడా కనపడదు. వినాయక చవితికీ నిమజ్జనానికీ మధ్య రోజులు సరైనవి. జనం బయట తిరుగుతుంటారు, చేతిలో డబ్బు ఆడుతుంటుంది. నిమజ్జనం నాటికి జవాబు చేతికొస్తే, పితృపక్షంలో హోర్డింగులు అచ్చు వేయించుకుని అమావాస్యకి ఎక్కించేయొచ్చు.

మన ఉదాహరణలోని షాపుకి నేనైతే ఇలా పంచుతాను. హోర్డింగ్ మీద తెలుగు లిపిలో ఆ ఒక్క లైనే, పెద్దగా. కింద ‘40% తగ్గింపు’, షాపుల పేర్లు. రీల్‌లో మాటలన్నీ తెలుగులో, తెర మీద కనిపించే అక్షరాలు ఇంగ్లిషు లిపిలో. రేడియోకి లిపి గొడవే లేదు. ఆర్జేలు మాట్లాడే కలగలుపు చట్రం తెలుగే కాబట్టి లైనుని వాళ్లకిచ్చి వాళ్ల నోటితోనే చెప్పించాలి. సైజుల పట్టిక, డెలివరీ, మార్పిడి నియమాలు వెబ్‌సైట్‌లో ఇంగ్లిషులో ఉండనివ్వొచ్చు. అక్కడికొచ్చేసరికి జనం వెతికేది వివరాన్నే, పండగని కాదు.

ఇదే పంపకం ఇరవై రోజుల తర్వాత దీపావళికి చెల్లదు. బస్సెక్కి ఊరెళ్లినవాళ్లు అప్పటికి తిరిగొచ్చి ఉంటారు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు పక్క రాష్ట్రాల నుంచి వచ్చి ఉంటున్నవాళ్లు కూడా అప్పుడే కొంటారు. వాళ్లకి ‘అయిపోవాలె’ అర్థం కాదు. వాళ్లకోసం ఇంగ్లిషు హోర్డింగ్ వేయడానికి యజమాని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆ హోర్డింగ్ కూకట్‌పల్లిలో కాకుండా హైటెక్ సిటీ దారిలో పెట్టడానికి కొడుకూ ఒప్పుకోవాలి.